భాగం 9: కాఫీ గింజలు పొడిచేసే పద్ధతులు – బర్ గ్రైండర్, బ్లేడు గ్రైండర్

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
– బ్లేడు గ్రైండర్, బర్ గ్రైండర్ పనిచేసే తీరులో ఉన్న తేడాను వివరించగలుగుతారు.
– పొడిలోని రేణువుల పరిమాణం ఒకే రకంగా లేకపోతే డికాషన్ ఎందుకు చెడిపోతుందో చెప్పగలుగుతారు.
– ఇంట్లో ఉన్న జల్లెడలతో కాఫీ పొడిని పరీక్షించి, లోపం ఎక్కడుందో గుర్తించగలుగుతారు.

9.1 విషయ పరిచయం

కిందటి భాగంలో గింజలు వేయించడం గురించి తెలుసుకున్నారు. వేయించిన గింజ కప్పులోకి చేరాలంటే ముందు పొడి కావాలి. పొడి మెత్తగా ఉండాలా, బరకగా ఉండాలా అని చాలామంది ఆలోచిస్తారు. కాని పొడి అంతా ఒకే రకంగా ఉందా లేదా అన్న ప్రశ్న అంతకన్నా ముఖ్యమైనది. దీనిని అర్థం చేసుకోవడానికి ఒక ఉదాహరణను ఈ భాగం పొడవునా అనుసరిద్దాం.

విజయవాడ గుణదలలో ఒకావిడ చిన్న టిఫిన్ సెంటరు నడుపుతున్నారనుకుందాం. ఇన్నాళ్లూ ఆమె కాఫీ పొడి కొట్లో ఎదురుగా ఆడించిన పొడి కొని తెచ్చుకునేవారు. తరవాత అరకు నుంచి వేయించిన గింజలు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. మంచి గింజ, తాజా గింజ. పొడి మాత్రం ఇంట్లోని మిక్సీలో, చట్నీ జారులో వేసి పట్టుకున్నారు. రోజూ వచ్చేవాళ్లు రెండో రోజే అడిగారు: "ఏమ్మా, పొడి మార్చారా? కాఫీ పల్చగా ఉంది, పైగా చేదుగా ఉంది." గింజ మెరుగైంది, కాఫీ మాత్రం తగ్గింది. పల్చదనం, చేదు రెండూ ఒకే గ్లాసులో ఎలా వచ్చాయన్నదే మన ప్రశ్న.

9.2 రెండు యంత్రాలు పనిచేసే తీరు

9.2.1 బ్లేడు గ్రైండర్

మిక్సీ, కాఫీ కోసం అమ్మే చిన్న బ్లేడు గ్రైండర్ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. గిన్నె అడుగున బ్లేడు చాలా వేగంగా తిరుగుతుంది. దానికి తగిలిన గింజ పగులుతుంది, తగలనిది అలాగే ఉంటుంది. ఏ ముక్క ఎన్నిసార్లు తగులుతుందో నిర్ణయించేది ఏదీ ఆ గిన్నెలో లేదు. బ్లేడు దగ్గరే తిరుగుతున్న ముక్క పది దెబ్బలు తిని దుమ్ముగా మారుతుంది. గిన్నె అంచుకు, మూతకు ఎగిరిపడిన ముక్క రెండు దెబ్బలతో బయటపడి పలుకుగా మిగులుతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. బ్లేడు గ్రైండర్‌లో మన చేతిలో ఉన్నది కాలం ఒక్కటే. ఎక్కువసేపు తిప్పితే పలుకులు తగ్గుతాయి, నిజమే. కాని అప్పటికే సరైన పరిమాణానికి వచ్చిన రేణువులు గిన్నెలోంచి బయటికి పోయే దారి లేదు. అవి కూడా మళ్లీ దెబ్బలు తిని దుమ్మవుతాయి. అందువల్ల పలుకులు తగ్గినకొద్దీ దుమ్ము పెరుగుతుంది.

9.2.2 బర్ గ్రైండర్

బర్ అంటే పళ్లు, గాళ్లు చెక్కిన గట్టి లోహపు బిళ్ళ. కొన్నింటిలో ఇది పింగాణీతో చేసి ఉంటుంది. బర్ గ్రైండర్‌లో ఇవి రెండు ఉంటాయి. ఒకటి కదలకుండా ఉంటుంది, రెండోది దాని ఎదురుగా తిరుగుతుంది. గింజ ఆ రెండింటి మధ్య నలిగి, అంచువైపు జరుగుతూ, అక్కడున్న సన్నటి సందులోంచి బయటపడుతుంది. ఆ సందుకన్నా పెద్దగా ఉన్న ముక్క బయటికి రాలేదు. సందులో పట్టేంత చిన్నదైన వెంటనే అది జారి కింద పడిపోతుంది కాబట్టి ఇంకా నలగదు.

మన ఇళ్లలోని తిరగలి చేసే పని ఇదే. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, నలిగిన పిండి అంచులోంచి రాలుతుంది. రాళ్ల మధ్య ఎడం పెరిగితే రవ్వ పడుతుంది, తగ్గితే పిండి పడుతుంది. కాఫీ పొడి కొట్లో పైన గింజలు పోసే తొట్టి, పక్కన అంకెలున్న చక్రం గల యంత్రాన్ని మీరు చూసే ఉంటారు. ఆ చక్రం మార్చేది బిళ్ళల మధ్య సందునే. చేతితో తిప్పే చిన్న గ్రైండర్లలో సాధారణంగా ఒక బర్ శంకువు ఆకారంలో, రెండోది దాని చుట్టూ వలయంలా ఉంటుంది. ఆకారం వేరైనా సూత్రం ఒకటే.

రెండు యంత్రాల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. బ్లేడు గ్రైండర్‌లో పరిమాణాన్ని నిర్ణయించేది కాలం, బర్ గ్రైండర్‌లో నిర్ణయించేది సందు.

అయితే బర్ గ్రైండర్ పొడి పూర్తిగా ఒకే పరిమాణంలో ఉంటుందని అనుకోకూడదు. వేయించిన గింజ పెళుసుగా ఉంటుంది. దానిని ఎలా విరిచినా పెద్ద ముక్కతో పాటు కొంత నుసి రాలుతుంది. అందువల్ల ఎంత మంచి బర్ గ్రైండర్ పొడిలోనైనా కొంత దుమ్ము ఉంటుంది. పలుకులు, దుమ్ము రెండూ తక్కువగా ఉంటాయి అనడం సరైన మాట.

అవగాహనను సరిచూసుకోండి – 1
బ్లేడు గ్రైండర్‌ను రెట్టింపు సేపు తిప్పితే పొడి ఒకే రకంగా ఎందుకు తయారుకాదు?

9.3 రేణువు పరిమాణం, రుచి

కాఫీ పొడి మీద వేడినీళ్లు పోసినప్పుడు పొడి మొత్తం కరగదు. వేయించిన గింజ బరువులో దాదాపు 30 శాతం మాత్రమే నీటిలో కరగగలదు. అదంతా కప్పులోకి రావడం కూడా మంచిది కాదు. బరువులో 18 నుంచి 22 శాతం వరకు దిగితే రుచి సమంగా ఉంటుందని కాఫీ రంగంలో సాధారణంగా లెక్కవేస్తారు.

కరిగే పదార్థాలన్నీ ఒకేసారి దిగవు. పులుపునిచ్చే ఆమ్లాలు, తేలికగా కరిగేవి ముందుగా వస్తాయి. తీపిని తలపించే రుచులు ఆ తరవాత వస్తాయి. ఘాటైన చేదు, నాలుకను పట్టేసే వగరు నిదానంగా, చివరకు వస్తాయి. రేణువులోంచి తక్కువగా దిగితే కాఫీ పల్చగా, పుల్లగా ఉంటుంది. మరీ ఎక్కువగా దిగితే చేదుగా, వగరుగా ఉంటుంది.

ఎంత దిగుతుందన్నది రేణువు పరిమాణం మీద ఆధారపడుతుంది. ఒక మి.మీ. భుజం ఉన్న ఘనాన్ని ఊహించుకోండి. దాని ఉపరితలం 6 చదరపు మి.మీ. దానినే 0.1 మి.మీ. భుజం ఉన్న 1000 చిన్న ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 60 చదరపు మి.మీ. అవుతుంది. పదార్థం అంతే, నీటికి తగిలే భాగం మాత్రం పది రెట్లు పెరిగింది. అంతేకాదు, చిన్న రేణువులో మధ్యనున్న పదార్థం బయటికి రావడానికి ప్రయాణించవలసిన దూరం కూడా తక్కువ.

ఇప్పుడు మిక్సీ పొడిని తలచుకోండి. అందులో పలుకులూ ఉన్నాయి, దుమ్మూ ఉంది. రెండింటి మీదా ఒకే నీళ్లు ఒకే సమయం పాటు ఉంటాయి. పలుకులోంచి ఆమ్లాలు దిగేసరికే దుమ్ములోంచి చేదంతా దిగిపోయి ఉంటుంది. టిఫిన్ సెంటరులో పల్చదనం, చేదు ఒకే గ్లాసులో రావడానికి కారణం ఇదే. ఒక దోషం మరొక దోషాన్ని సరిచేయదు. రెండూ నాలుకకు విడివిడిగానే తెలుస్తాయి.

9.4 ఉదాహరణ: 100 గ్రాముల పొడి లెక్క

ఈ విషయాన్ని లెక్కలో చూద్దాం. సులభంగా ఉండటానికి రేణువులన్నీ గోళాలనీ, ఫిల్టరులో ఉన్న కాలంలో ప్రతి రేణువు పైపొర నుంచి 0.1 మి.మీ. లోతు వరకే పదార్థం దిగుతుందనీ అనుకుందాం. నిజానికి ఇంత కచ్చితమైన గీత ఉండదు. తేడా ఏ దిశలో ఉంటుందో తెలుసుకోవడానికి మాత్రం ఈ నమూనా సరిపోతుంది.

ఒక మి.మీ. వ్యాసం ఉన్న పలుకులో 0.1 మి.మీ. పొర పోగా లోపల 0.8 మి.మీ. గోళం మిగులుతుంది. దాని ఘనపరిమాణం మొత్తంలో 0.8 × 0.8 × 0.8, అంటే సుమారు 51 శాతం. కాబట్టి పలుకులో 49 శాతం భాగమే ఉపయోగపడింది. అదే విధంగా 0.4 మి.మీ. రేణువులో 87.5 శాతం, 0.2 మి.మీ. దుమ్ములో నూటికి నూరు శాతం ఉపయోగపడతాయి.

టిఫిన్ సెంటరు ఆవిడ రెండు జల్లెడలు తీసుకుని పొడిని వేరుచేశారనుకుందాం. రవ్వ జల్లెడ మీద మిగిలినది పలుకు. దానిలోంచి రాలి మైదా జల్లెడ మీద నిలిచినది నడి రేణువు. మైదా జల్లెడలోంచి కూడా రాలినది దుమ్ము. వాటి పరిమాణాలు పై మూడింటికి దగ్గరగా ఉన్నాయనీ, తూకంలో ఈ అంకెలు వచ్చాయనీ అనుకుందాం.

మిక్సీలో 30 సెకన్లు పట్టిన పొడి: పలుకు 34 గ్రా., నడి రేణువు 36 గ్రా., దుమ్ము 30 గ్రా.
మిక్సీలో 60 సెకన్లు పట్టిన పొడి: పలుకు 12 గ్రా., నడి రేణువు 38 గ్రా., దుమ్ము 50 గ్రా.
కొట్లో బర్ యంత్రంలో ఆడించిన పొడి: పలుకు 4 గ్రా., నడి రేణువు 78 గ్రా., దుమ్ము 18 గ్రా.

మొదటి పొడిలో ఉపయోగపడిన భాగం సుమారు 78 గ్రాములు. పలుకుల మధ్యలో చిక్కుకుపోయిన 17 గ్రాములకు పైగా పదార్థం పిప్పితో పాటు చెత్తబుట్టలోకి పోయింది. మంచి గింజకు పెట్టిన డబ్బులో ఆరో వంతు వృథా అయిందన్నమాట. పల్చదనానికి కారణం ఇది.

అందుకని ఆమె మరునాడు 60 సెకన్లు తిప్పారు. ఇప్పుడు ఉపయోగపడిన భాగం 89 గ్రాములు. కొట్లో ఆడించిన పొడిలో అది 88 గ్రాములు. సగటు దాదాపు సమానం. అంకె మాత్రమే చూస్తే సమస్య తీరినట్లే కనిపిస్తుంది. కాని 60 సెకన్ల పొడిలో సగం దుమ్మే. పూర్తిగా పిండుకుపోయి చేదు దించేది ఆ దుమ్మే. బర్ పొడిలో మాత్రం నాలుగింట మూడు వంతులకు పైగా రేణువులు ఒకే దశలో ఉన్నాయి. సగటు ఒకటే అయినంత మాత్రాన రుచి ఒకటి కాదు. ఈ ఉదాహరణలో గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

అవగాహనను సరిచూసుకోండి – 2
60 సెకన్ల మిక్సీ పొడికి, బర్ పొడికి సగటు దాదాపు సమానమైనా రుచి ఎందుకు వేరుగా ఉంటుంది?

9.5 ఫిల్టరులో ఏం జరుగుతుంది?

మన స్టీలు ఫిల్టరులో పై గిన్నె అడుగున సన్నని చిల్లులుంటాయి. పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్లు పోస్తాం. నీళ్లను కిందికి తోసేది వాటి బరువు మాత్రమే. 100 గ్రాముల పొడికి అర లీటరు నీళ్లు పోస్తే పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీటిని పట్టి ఉంచుకుంటుంది. కాబట్టి సుమారు 300 మి.లీ. డికాషన్ దిగుతుంది.

ఈ అమరికలో దుమ్ము రెండో ఇబ్బంది తెస్తుంది. నీళ్లతో పాటు దుమ్ము కిందికి జారి, పెద్ద రేణువుల మధ్య ఖాళీల్లోనూ, అడుగు చిల్లుల్లోనూ కూరుకుపోతుంది. డికాషన్ చుక్క చుక్కగా పడి, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. ఆగినంతసేపూ నీళ్లు పొడి మీదే ఉండి ఇంకా చేదు దింపుతాయి. టిఫిన్ సెంటరులో ఉదయం ఆరు గంటలకు గిరాకీ నిలబడి ఉన్నప్పుడు ఫిల్టరును తట్టడం, బిళ్ళను కదిలించడం చేస్తారు. అలా చేస్తే పొడిలో పగుళ్లు ఏర్పడి, నీళ్లు ఆ దారినే జారిపోతాయి. మిగిలిన పొడి సరిగా నానదు. పలుకులు ఎక్కువగా ఉన్న పొడిలో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. నీళ్లు నిలవకుండా గబగబా దిగిపోయి, లేత రంగు డికాషన్ వస్తుంది.

లోపాన్ని గుర్తించడానికి యంత్రం అవసరం లేదు. చెంచాడు పొడిని తెల్ల కాగితం మీద పరిచి చూడండి. పలుకులు కంటికి కనిపిస్తాయి. కాగితాన్ని వంచి పొడిని జార్చేస్తే దుమ్ము కాగితానికి అంటుకుని గోధుమరంగు మరక మిగులుతుంది. డికాషన్ దిగిన తరవాత కింది గిన్నెను కదపకుండా వంపితే అడుగున బురద ఎంతుందో తెలుస్తుంది. బురద మందంగా ఉంటే దుమ్ము ఎక్కువని అర్థం. చివరగా పాలు, పంచదార కలపకముందే ఒక చెంచా డికాషన్‌ను వేడినీళ్లలో కలిపి రుచి చూడండి. పుల్లగా, నీళ్లగా ఉంటే పలుకు దోషం. నాలుక పట్టేసినట్లుంటే దుమ్ము దోషం. రెండూ ఉంటే పొడి ఒకే రకంగా లేదని అర్థం.

9.6 మిక్సీతోనే సరిపెట్టుకోవాలంటే

బర్ గ్రైండర్ కొనలేని సందర్భంలో మిక్సీ పొడిని కొంతవరకు మెరుగుపరచవచ్చు. జారు పూర్తిగా పొడిగా, మసాలా వాసన లేకుండా ఉండాలి. ఒకసారికి 25–30 గ్రాములకు మించి వేయకూడదు. ఆపకుండా తిప్పకుండా, రెండు మూడు సెకన్లు తిప్పి ఆపి, జారును కుదిపి, మళ్లీ తిప్పాలి. కుదిపినప్పుడు అంచునున్న ముక్కలు బ్లేడు దగ్గరకు వస్తాయి. నాలుగైదుసార్లు అయ్యాక రవ్వ జల్లెడలో జల్లించి, పైన మిగిలిన పలుకులను మాత్రమే మళ్లీ జారులో వేయాలి.

ఈ చివరి మెట్టే అసలు కీలకం. సరైన పరిమాణానికి వచ్చిన రేణువును బ్లేడుకు దూరంగా తీసేస్తున్నాం. అంటే బర్ గ్రైండర్‌లో సందు చేసే పనిని ఇక్కడ జల్లెడ చేస్తోంది. దుమ్ము ఎంతో కొంత ఎలాగూ మిగులుతుంది. ఇంటికి ఇద్దరి కాఫీకి ఈ పద్ధతి సరిపోతుంది కాని, రోజూ తెల్లవారుజామున 100 గ్రాములు జల్లించడం టిఫిన్ సెంటరులో కుదిరే పని కాదు.

9.7 పరిమితులు

బర్ గ్రైండర్ అన్ని సందర్భాల్లోనూ ఒకే స్థాయిలో ఉపయోగపడదు. చిక్కటి పాలు, పంచదార కలిపితే పులుపు, వగరు కొంత మరుగున పడతాయి. చికోరీ కలిపిన పొడిలో చికోరీ తనంతట తాను రంగు, చిక్కదనం, చేదు ఇస్తుంది కాబట్టి గింజ నలిగిన తీరు అంతగా తెలియదు. టిఫిన్ సెంటరు ఆవిడ చికోరీ లేని అరకు గింజకు మారడం వల్లనే తేడా అంత స్పష్టంగా బయటపడింది.

బర్ గ్రైండర్‌లోనూ లోపాలు వస్తాయి. పళ్లు అరిగితే గింజను కొరకకుండా రుద్దుతాయి, అప్పుడు దుమ్ము పెరుగుతుంది. చవక చేతి గ్రైండర్లలో ఇరుసు ఊగితే సందు ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉండి పలుకులు పడతాయి. కొట్లోని యంత్రంలో అంతకుముందు ఆడించిన పొడి కొంత మిగిలి ఉంటుంది కాబట్టి, మొదట పడిన గుప్పెడు పొడిని పక్కకు తీయమని అడగవచ్చు.

తాజాదనం మరో విషయం. పొడి చేసిన క్షణం నుంచి సువాసన తగ్గుతూ పోతుంది. కొట్లో బర్ యంత్రంలో ఆడించిన పొడిని నెలరోజులు డబ్బాలో ఉంచితే రేణువులు ఒకే రకంగానే ఉంటాయి కాని వాసన పోతుంది. అందువల్ల మన ఉదాహరణలో ఆమెకు రెండు దారులున్నాయి. తన గింజలనే కొట్టుకు తీసుకెళ్లి, ఫిల్టరుకు తగిన మెత్తదనంలో, వారానికి సరిపడా మాత్రమే ఆడించుకోవడం ఒకటి. రోజుకు 100 గ్రాములు వాడుతున్నారు కాబట్టి అది 700 గ్రాములు. చిన్న బర్ గ్రైండర్ కొనుక్కుని ఏ రోజుకారోజు పట్టుకోవడం రెండోది. ముందుగా మొదటి దారిలో ఒక వారం నడిపి, పాత కాఫీ రుచి తిరిగి వచ్చిందో లేదో చూసుకోవడం మంచిది. వస్తే లోపం గ్రైండర్‌దే అని తేలుతుంది, అప్పుడు యంత్రానికి డబ్బు పెట్టవచ్చు. రాకపోతే లోపాన్ని గింజ వేయించిన తీరులోనో, నీళ్లలోనో వెతకాలి.

9.8 సారాంశం

బ్లేడు గ్రైండర్ గింజను యాదృచ్ఛికంగా నరుకుతుంది. పలుకు, దుమ్ము రెండూ మిగులుతాయి. బర్ గ్రైండర్ గింజను నిర్ణీత సందులోంచి పంపుతుంది కాబట్టి రేణువులు చాలావరకు ఒకే పరిమాణంలో ఉంటాయి. పలుకు పల్చదనాన్ని, పులుపును ఇస్తుంది. దుమ్ము చేదును, వగరును ఇచ్చి ఫిల్టరు చిల్లులను మూస్తుంది. ఎక్కువసేపు తిప్పడం వల్ల సగటు మారుతుంది కాని అసమానత పోదు. జల్లించి, పలుకులను మాత్రమే మళ్లీ తిప్పితే మిక్సీ పొడి కొంత మెరుగుపడుతుంది.

9.9 అవగాహనను సరిచూసుకోండి – సమాధానాలు

1. సరైన పరిమాణానికి వచ్చిన రేణువులు గిన్నెలోంచి బయటికి పోలేవు. పలుకులతో పాటు అవి కూడా మళ్లీ దెబ్బలు తిని దుమ్మవుతాయి.
2. మిక్సీ పొడిలో సగం దుమ్ము, దానితో పాటు కొన్ని పలుకులు ఉన్నాయి. దుమ్ము చేదును, పలుకు పులుపును ఇస్తాయి. ఇవి సగటులో కలిసిపోయినా నాలుకకు విడిగా తెలుస్తాయి.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. బ్లేడు, బర్ గ్రైండర్లు పనిచేసే తీరును పోల్చి, డికాషన్ రుచిలో వచ్చే తేడాను ఉదాహరణతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్టీలు ఫిల్టరులో డికాషన్ దిగకుండా ఆగిపోవడానికి దుమ్ము ఎలా కారణమవుతుంది?
2. ఒక పొడిలో పలుకు 20 గ్రా., నడి రేణువు 60 గ్రా., దుమ్ము 20 గ్రా. ఉన్నాయి. 9.4లోని నమూనా ప్రకారం ఎంత భాగం ఉపయోగపడుతుందో లెక్కకట్టండి.

9.11 చేసి చూడండి

మీ ఇంట్లో వాడుతున్న కాఫీ పొడి 20 గ్రాములు తీసుకుని రెండు జల్లెడలతో మూడు భాగాలుగా వేరుచేసి తూచండి. అదే పొడితో దింపిన డికాషన్‌ను పాలు కలపకుండా రుచి చూసి, తూకంలో వచ్చిన అంకెలు ఆ రుచికి సరిపోయాయో లేదో మీ నోట్సులో రాసుకోండి.